ఆసుపత్రి బిల్లును చేరే ముందే చదవాలి

ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్లే రోజున చేతికి వచ్చే ఏడెనిమిది పేజీల బిల్లును ఎలా చదవాలని పాఠకులు తరచుగా అడుగుతూ ఉంటారు. చదవడం నేర్చుకోవచ్చు. కాని ఆ రోజు చదివితే కలిగే ప్రయోజనం కొద్దిపాటిదే. అప్పటికి రోగి మంచం దిగి ఉంటాడు, సంచులు సర్దుకుని ఉంటారు, వాహనం గేటు బయట నిలబడి ఉంటుంది. బిల్లులోని పెద్ద అంకెలు ఆనాడు పుట్టినవి కావు. చేరిన రోజున, అడ్మిషన్ కౌంటర్ దగ్గర, ఎస్టిమేట్ అనే చిన్న కాగితం మీద అవి నిర్ణయమైపోయాయి. కనుక ముందుగా చదవవలసినది ఆ కాగితాన్నేనని నా అభిప్రాయం. బిల్లు దాని మీద జరిగే తనిఖీ మాత్రమే.

తుమ్మలపెంట నుండి కృష్ణపట్నం వరకు ఉన్న మన తీరగ్రామాల వారికి పెద్ద వైద్యమంటే నెల్లూరు పొగతోట, అక్కడ కుదరకపోతే చెన్నై. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు సాగే వేట నిషేధ కాలంలోనో, రొయ్యల గుంట పట్టుబడికి రాకముందో ఆపరేషన్ అవసరమైతే, ఆ ఇంట డబ్బు ఉండదు. ఎస్టిమేట్‌లో రాసిన అంకెను బట్టే నగలు తాకట్టు పెడతారు. ఆ అంకె చివరికి ఒకటిన్నర రెట్లయితే రెండవసారి అప్పుకు వెళ్లవలసి వస్తుంది. కాబట్టి ఎస్టిమేట్ ఆ కుటుంబానికి ఒక అంచనా మాత్రమే కాదు, అప్పు పరిమితి కూడా.

ప్యాకేజీ అంటే ఏమిటి?

ప్యాకేజీ అనే మాటకు న్యాయమైన అర్థం ఒకటి మన రాష్ట్రంలోనే ఉన్నది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న పథకంలో, ఒక చికిత్సకు నిర్ణయించిన మొత్తంలో పడక, నర్సింగ్, సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, మందులు, ఇంప్లాంటు, పరీక్షలు, రోగికి భోజనం అన్నీ కలిసి ఉంటాయి. అర్హత గల రోగి దగ్గర ఆ చికిత్సకు అదనంగా వసూలు చేయడానికి వీలు లేదు. ఈ పథకం వర్తించేవారు ఆసుపత్రిలో ముందుగా ఆరోగ్యమిత్రను కలవాలి. తమ చికిత్స పథకంలో ఉన్నదో లేదో తేలిన తరువాతనే డబ్బు మాట ఎత్తాలి.

సొంత డబ్బుతోనో, బీమాతోనో చేరేవారికి ఇచ్చే ప్యాకేజీ ఇటువంటిది కాదు. ఉదాహరణకు పిత్తాశయంలో రాళ్లకు ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ అనుకోండి. కాగితం మీద "గాల్‌బ్లాడర్ ప్యాకేజీ, 3 రోజులు, 75,000 రూపాయలు" అని ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాలలో "మందులు, డిస్పోజబుల్స్, పరీక్షలు, ఇతర డాక్టర్ల సంప్రదింపులు అదనం" అని ఉంటుంది. ఈ నాలుగింటినీ తీసివేస్తే ప్యాకేజీలో మిగిలినవి గది, సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్ మాత్రమే. అంటే ముందుగా చెప్పగలిగిన ఖర్చులకే హద్దు పెట్టారు. చెప్పడం కష్టమైన ఖర్చులను హద్దు లేకుండా వదిలారు. నిజానికి ప్యాకేజీ రోగికి ఉపయోగపడవలసినది ఆ రెండవ చోటనే.

అందువలన ఎస్టిమేట్ చేతికి రాగానే మొత్తాన్ని పక్కనబెట్టి మినహాయింపుల వరుసను చదవండి. "అదనం" అని రాసిన ప్రతి దానికి ఎదురుగా సుమారు ఎంత అవుతుందో రాసి ఇవ్వమనండి. నెలకు పదుల సంఖ్యలో ఇవే ఆపరేషన్లు చేసే ఆసుపత్రికి, ఆ ఆపరేషన్‌లో మందులకు ఎంత, డిస్పోజబుల్స్‌కు ఎంత అవుతుందో తెలియకుండా ఉండదు. ఆ తరువాత ఇంకొక ప్రశ్న అడగండి. ప్యాకేజీ ఎప్పుడు రద్దవుతుంది? మూడు రోజులు నాలుగైతే ఆ ఒక్క రోజుకే అదనమా, లేక మొత్తం బిల్లు విడి పద్దులకు మారుతుందా? ల్యాప్రోస్కోపీగా మొదలుపెట్టిన ఆపరేషన్‌ను అతుకుల వల్లనో, రక్తస్రావం వల్లనో మధ్యలో కోత ఆపరేషన్‌గా మార్చవలసి రావచ్చు. అది డాక్టరు తప్పు కాదు, రోగి క్షేమం కోసం తీసుకునే నిర్ణయం. అటువంటప్పుడు రేటు ఎంత అవుతుందో ముందే రాసి ఉంటే తరువాత వివాదం ఉండదు.

గదిని ఎంచుకుంటే బిల్లును ఎంచుకున్నట్లే

గది అద్దెను చాలామంది లాడ్జి అద్దెలాగా చూస్తారు. రోజుకు రెండు వేలు ఎక్కువైతే నాలుగు రోజులకు ఎనిమిది వేలు, పోనీలే అనుకుంటారు. ఇది తప్పు లెక్క. అనేక ఆసుపత్రులలో గది స్థాయిని బట్టి సర్జన్ ఫీజు, డాక్టరు విజిట్ చార్జీ, థియేటర్ చార్జీ కూడా మారతాయి. జనరల్ వార్డులో ఒక రేటు, ఇద్దరు పంచుకునే గదిలో ఒక రేటు, ఒంటరి గదిలో మరొక రేటు. బీమా ఉన్నవారికి దీనిపైన ఇంకొక దెబ్బ కూడా తగులుతుంది. దానిని ఒక లెక్కతో వివరిస్తాను. ఇందులోని అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి, లెక్క చేసే పద్ధతి మాత్రం వాస్తవమైనది.

మైపాడు వైపు నుండి వచ్చిన ఒక రోగికి మూడు లక్షల బీమా ఉన్నదనుకుందాం. గది, నర్సింగ్ కలిపి రోజుకు బీమా మొత్తంలో 1 శాతం, అంటే 3,000 రూపాయలు మాత్రమే ఇస్తామని పాలసీలో ఉన్నది. ఆయన రోజుకు 5,000 రూపాయల గదిలో నాలుగు రోజులు ఉన్నాడు. బిల్లు ఇలా వచ్చింది: గది, నర్సింగ్ 20,000; సర్జన్ 30,000; మత్తు డాక్టరు 9,000; థియేటర్ 16,000; డాక్టర్ల విజిట్లు 5,000; మందులు 14,000; డిస్పోజబుల్స్ 12,000; పరీక్షలు 8,000; రిజిస్ట్రేషన్, ఫైలు వంటి ఇతరాలు 2,000. మొత్తం 1,16,000 రూపాయలు.

బీమా సంస్థ గది కింద 12,000 ఇచ్చి 8,000 తీసివేస్తుంది. ఇంతవరకు అందరూ ఊహించేదే. అయితే పాలసీలో దామాషా కోత అనే షరతు ఉంటే కథ అక్కడితో ఆగదు. అర్హత 3,000 గదికి, ఉన్నది 5,000 గదిలో, అంటే అరవై శాతమే అర్హత. కనుక గదితో ముడిపడిన ఇతర ఖర్చులను కూడా అరవై శాతానికే లెక్కిస్తారు. సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, విజిట్లు కలిపి 60,000. అందులో 36,000 వస్తుంది, 24,000 పోతుంది. రోజుకు రెండు వేల తేడా అనుకున్న గది వల్ల నిజంగా పోయినది ఎనిమిది వేలు కాదు, 32,000 రూపాయలు. ఇతరాలలోను, డిస్పోజబుల్స్‌లోను మరొక 5,000 కోత పడిందనుకుంటే, రోగి తన జేబులో నుండి కట్టవలసినది 37,000. మూడు వేల గదిలో ఉండి ఉంటే, మిగిలిన పద్దులేవీ మారకపోయినా, అది 5,000 మాత్రమే అయ్యేది.

ఈ కోతకు హద్దులున్నాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలలో వాటిని స్పష్టంగా చెప్పింది. నేటి పాలసీలలోని షరతులు వాటిని అనుసరించి వచ్చినవే. మందులు, డిస్పోజబుల్స్, ఇంప్లాంట్లు, పరీక్షల మీద దామాషా కోత వేయకూడదు. ఐసీయూ చార్జీల మీద వేయకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది మూడవది. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రిలో, లేదా గదిని బట్టి మారని ఖర్చు మీద, ఈ కోత చెల్లదు. పై ఉదాహరణలో ఆ ఆసుపత్రి జనరల్ వార్డు రోగి దగ్గర కూడా సర్జన్ ఫీజు 30,000 తీసుకుంటున్నదని రేట్ల పట్టిక చూపిస్తే, ఆ పద్దు మీద వేసిన 12,000 కోతను మీరు ప్రశ్నించవచ్చు. అందుకే చేరేటప్పుడే గదుల వారీ రేట్ల పట్టికను ఫోటో తీసుకోమని చెబుతాను. బీమా సంస్థకు రాసే లేఖలో అదే ప్రధానమైన ఆధారం.

గది గురించి మరి రెండు మాటలు. రోజును ఎలా లెక్కిస్తారో అడగండి. చేరిన గంట నుండి ఇరవై నాలుగు గంటలా, లేక మధ్యాహ్నం నుండి మధ్యాహ్నానికా అన్న దానిని బట్టి, రాత్రి తొమ్మిదికి చేరిన రోగికి ఒక పూర్తి రోజు పెరగవచ్చు, తగ్గవచ్చు. ఇక ఐసీయూ కాని గది అద్దె రోజుకు 5,000 దాటితే 2022 జూలై 18 నుండి 5 శాతం జీఎస్టీ ఉన్నది. సరిగ్గా 5,000 అయితే లేదు. 5,200 గది అడిగినవారికి 5,460 పడుతుందని అడ్మిషన్ కౌంటర్‌లో సాధారణంగా చెప్పరు.

దూది, గ్లవ్స్, కిట్లు

బిల్లులో పేజీలు పెరిగేది డిస్పోజబుల్స్ దగ్గర. ఇక్కడ రోగులకు రెండు వేరు వేరు అనుమానాలు కలిసిపోతుంటాయి. వస్తువు నిజంగా వాడారా అనేది ఒకటి. దానికి విడిగా డబ్బు తీసుకోవచ్చునా అనేది రెండవది.

రెండవ దానికి జవాబు బీమా పత్రాలలో ఉన్నది. ప్రతి పాలసీ వెనుక నాలుగు జాబితాలు ఉంటాయి. మొదటి దానిలోని 68 అంశాలు బీమా ఇవ్వనివి: గ్లవ్స్, ఈసీజీ ఎలక్ట్రోడ్లు, నెబ్యులైజేషన్ కిట్, డైపర్లు, నడుము బెల్టు వంటివి. బీమా ఇవ్వదంటే ఆసుపత్రి మోసం చేసిందని అర్థం కాదు. గ్లవ్స్ లేకుండా ఏ డాక్టరూ పుండును ముట్టుకోడు. ఆ ఖర్చు మీదని మాత్రమే దాని అర్థం. మిగిలిన మూడు జాబితాల సంగతి వేరు. రెండవ జాబితాలోనివి గది అద్దెలో కలిసి ఉండవలసినవి: దుప్పటి, పల్స్ ఆక్సీమీటర్, ఫైలు తెరిచే చార్జీ, డిశ్చార్జ్ చార్జీ, ఇంజక్షన్ చేసే చార్జీ. మూడవ దానిలోనివి ఆపరేషన్ చార్జీలో కలవవలసినవి: దూది, గాజు, సర్జికల్ బ్లేడు, ఎండోస్కోపీ పరికరాలు, థియేటర్ బుకింగ్. నాలుగవ దానిలోనివి చికిత్సలో కలవవలసినవి: రిజిస్ట్రేషన్, యూరిన్ బ్యాగు, స్పిరిట్, ఇన్ఫ్యూజన్ పంపు. గది అద్దె తీసుకుని మళ్లీ పల్స్ ఆక్సీమీటరుకు రోజువారీ చార్జీ వేస్తే, అది ఒకే వస్తువుకు రెండు సార్లు తీసుకోవడమే. బీమా సంస్థ ఆ పద్దును కొట్టివేస్తుంది, ఆసుపత్రి మీ దగ్గర వసూలు చేస్తుంది. మీరు బిల్లింగ్ విభాగంలో మర్యాదగా, జాబితా చూపించి అడగవలసిన పద్దులు ఇవి.

మొదటి జాబితాలో ఒక అంశం ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. వివరాలు ఇవ్వని ఏ కిట్‌కూ బీమా డబ్బు ఇవ్వదు. బిల్లులో "ఓటీ కిట్ 6,500" అని ఒకే వరుసగా ఉంటే మొత్తం పోతుంది. అదే కిట్‌లోని వస్తువులను పేరు, సంఖ్య, ధరలతో విడదీసి ఇస్తే అందులో కొంత తిరిగి వస్తుంది. విడదీసి ఇమ్మనడానికి ఒక్క నిమిషం చాలు.

వాడారా లేదా అనేదానికి ఆధారం కేస్ షీట్. నర్సులు ఏ మందు ఏ గంటకు ఇచ్చారో మందుల చార్టులో రాస్తారు. ఒక యాంటీబయాటిక్ రోజుకు రెండు చొప్పున మూడు రోజులు ఇచ్చినట్లు చార్టు చెబితే ఆరు వయల్స్ కావాలి. ఫార్మసీ బిల్లులో పది ఉండి, "రిటర్న్" పద్దులో నాలుగు కనిపించకపోతే, ఆ నాలుగు ఎక్కడున్నవో అడగాలి. చాలాసార్లు ఇది దురుద్దేశం కాదు. థియేటర్‌కు ముందుగా పంపిన సరుకులో మిగిలినది తిరిగి ఫార్మసీకి వెళ్లినా, పద్దు సరిచేయడం మరచిపోతారు. స్టెంటు, మెష్ వంటి ఇంప్లాంటు అయితే దాని పెట్టెపై ఉన్న లాట్ నంబరు స్టిక్కర్ కేస్ షీట్‌లో అంటించి ఉండాలి, బిల్లులోని పేరు దానితో కలవాలి. గుండె స్టెంట్లకు 2017 ఫిబ్రవరి నుండి ప్రభుత్వ గరిష్ఠ ధర ఉన్నది. కాబట్టి స్టెంటు ధరను ప్యాకేజీలో కలిపివేయకుండా విడిగా చూపమని అడగండి.

ధర ఎంఆర్‌పీకి లోబడే ఉన్నదని కౌంటర్‌లో చెబుతారు. అది నిజమే కావచ్చు. కాని ఎంఆర్‌పీ న్యాయమైన ధరకు కొలత కాదు. జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులను పరిశీలించి, కొన్ని వస్తువుల మీద లాభం 1,700 శాతం దాటినదని ప్రకటించింది. అది ఎంఆర్‌పీని మీరి చేసినది కాదు, ఎంఆర్‌పీనే ఎత్తుగా అచ్చు వేయించి చేసినది. రోగి ఒక్కడు కౌంటర్ దగ్గర వాదించి దీనిని మార్చలేడు. అతని చేతిలో ఉన్నది ఒక్కటే, ఈ ఖర్చుకు ఎస్టిమేట్‌లోనే ఒక హద్దు రాయించుకోవడం.

డాక్టరు ఫీజులు

నా వృత్తి వారి ఫీజుల గురించి రాయడంలో నాకు మొహమాటం లేదు. సర్జన్ ఫీజులో ఆపరేషన్‌తో పాటు, డిశ్చార్జ్ వరకు ఆయన వచ్చి చూసే విజిట్లు కూడా కలిసి ఉన్నాయా అని ముందే అడగండి. ప్యాకేజీలలో సాధారణంగా కలిసే ఉంటాయి. అలా ఉన్నప్పుడు సర్జన్ పేరుతోనే మళ్లీ విజిట్ చార్జీలు కనిపిస్తే అవి ఉండకూడనివి. మత్తు డాక్టరు ఫీజును సర్జన్ ఫీజులో 30 శాతంగా వేయడం వాడుక. అది చాలా మించితే కారణం అడగవచ్చు.

ఇక ఇతర డాక్టర్ల సంప్రదింపులు. షుగరు ఉన్న రోగికి ఆపరేషన్ ముందు ఫిజీషియన్ చూడడం, గుండె జబ్బు ఉన్నవారిని కార్డియాలజిస్టు చూడడం అవసరమే. ఎవరు వచ్చి చూసినా కేస్ షీట్‌లో తేదీ, సమయం, రెండు వాక్యాల అభిప్రాయం, సంతకం ఉంటాయి. బిల్లులో ఏడు సంప్రదింపులు, కేస్ షీట్‌లో నాలుగు నోట్లు ఉంటే, మూడింటికి ఆధారం లేదు. కేస్ షీట్ నకలు అడిగే హక్కు మీకు ఉన్నది. అడిగిన 72 గంటలలో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి.

ఎప్పుడు అడగాలి?

రెండవ రోజు సాయంత్రం అప్పటివరకు అయిన బిల్లు అడగండి. ఆనాటికి ఆపరేషన్ ముగిసి, పెద్ద పద్దులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కి ఉంటాయి. ఎస్టిమేట్‌ను పక్కన పెట్టుకుని చూస్తే తేడా ఎక్కడున్నదో పది నిమిషాలలో తెలుస్తుంది. వార్డు నర్సు, మందుల చార్టు, డ్యూటీ డాక్టరు అందరూ అక్కడే ఉంటారు కనుక సరిచేయడం తేలిక. డిశ్చార్జ్ రోజున ఇవే ప్రశ్నలకు "అకౌంట్స్ వారు వెళ్లిపోయారు" అనే జవాబు రావచ్చు. క్యాష్‌లెస్ వారికి ఇంకొక సంగతి. చివరి బిల్లు అందిన మూడు గంటలలో బీమా సంస్థ అనుమతి ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఆదేశించింది. ఆ ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ భారం బీమా సంస్థదే. బిల్లు పంపిన సమయాన్ని రాసి ఉంచుకోండి.

కోత అన్యాయమనిపిస్తే ముందుగా బీమా సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయండి. ముప్పై రోజులలో సరైన జవాబు రాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. ఆసుపత్రి మీద ఫిర్యాదు అయితే జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి ఇవ్వండి.

రోగి ఈ పనులన్నీ చేయాలని చెప్పడం న్యాయం కాదని నాకు తెలుసు. నొప్పితో వచ్చిన వ్యక్తిని గుమాస్తాగా మారమనడమే ఇది. అత్యవసరంగా చేర్చిన గుండెపోటు రోగి బంధువులకు ఇవేవీ సాధ్యం కావు. అటువంటప్పుడు ముందు చికిత్స, తరువాతనే కాగితాలు. కాని ముందుగా తేదీ పెట్టుకుని చేయించే ఆపరేషన్లకు ఆసుపత్రులు ఒక్క పని సులభంగా చేయవచ్చు. ఎస్టిమేట్‌లో ఏ వరుసలు ఉంటాయో, చివరి బిల్లు మొదటి పేజీలో అవే వరుసలు, అదే క్రమంలో, పక్కపక్కన రెండు అంకెలతో చూపించాలి. అంచనా ఇంత, అయినది ఇంత. తేడా ఉన్న చోట ఒక వాక్యం కారణం రాయాలి. దీనికి కొత్త యంత్రాలు అక్కరలేదు, బిల్లింగ్ పత్రం నమూనా మారిస్తే చాలు. నెల్లూరులో ఏ ఆసుపత్రి ఈ పద్ధతిని ముందుగా మొదలుపెట్టినా, ఆ ఆసుపత్రి ఎస్టిమేట్‌ను నమ్మి అప్పు చేసే రోగికి రెండవసారి తాకట్టు దుకాణం మెట్లు ఎక్కే అవసరం చాలావరకు తప్పుతుంది.